పాత పేజీ, మూడు మెట్లు: ఓసీఆర్‌కు ముందు ఏది చేయాలి, ఏది మానాలి

పాత తెలుగు పుస్తకాన్ని ఓసీఆర్‌తో చదివించబోయే వారికి ముందుగా అందే సలహా దాదాపు ఎప్పుడూ ఒకటే. పేజీని పెద్దది చెయ్యాలి, వంకర తియ్యాలి, పూర్తి నలుపు తెలుపుల్లోకి మార్చాలి. మూడింటికీ ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి కాబట్టి చాలామంది ఏ పేజీకైనా కళ్లు మూసుకుని మూడూ చేసేస్తారు. ఫలితం ఒక్కోసారి బాగుపడుతుంది, ఒక్కోసారి ముట్టుకోని పేజీకంటే అధ్వానమవుతుంది. ఎందుకిలా అంటే, ఈ సలహాలో సగం ఇప్పుడు వాడుకలో లేని ఓసీఆర్ యంత్రాల కాలం నాటిది. మిగతా సగం ఇంగ్లీషు అక్షరాలను చూసి చెప్పింది.

తెలుగు పేజీలో ప్రమాదమంతా చిన్న గుర్తులకే. ఠ లో చుక్క చెరిగితే ర లా కనిపిస్తుంది. థ లో చుక్క పోతే ధ, ధ కింది గీత కూడా పోతే ద. ప, ష వంటి అక్షరాల్లో తలకట్టు ఒంటికి అంటుకోకుండా విడిగా తేలుతూ ఉంటుంది, అంటే పొరపాటున మరకగా తుడిచివేయడానికి అనువుగా ఉంటుంది. 12 పాయింట్ల అచ్చును 300 డీపీఐలో స్కాన్ చేస్తే అక్షరం కూర్చున్న దిమ్మ ఎత్తు 50 పిక్సెళ్లు. అందులో థ చుక్కకు దక్కేది నాలుగైదు పిక్సెళ్లు. 150 డీపీఐలో రెండు. మూడు మెట్లలో ఏది మంచిదో తేల్చేది ఈ రెండు నుంచి ఐదు పిక్సెళ్లే.

వీటికంటే ముందు మన చేతిలో అసలు ఏముందో చూసుకోవాలి. పీడీఎఫ్ తెరమీద ఎంత పెద్దగా కనిపించినా లోపలున్న బొమ్మ వేరు. పాప్లర్ పనిముట్లలోని `pdfimages` ఆ బొమ్మ కొలతలూ, అది గ్రేనా, రంగుదా, ఒక బిట్ నలుపు తెలుపా అన్నదీ చెబుతుంది, మార్పు లేకుండా బయటికి తీసి ఇస్తుంది కూడా.

```
pdfimages -list pustakam.pdf
pdfimages -all -f 41 -l 41 pustakam.pdf page
```

చాలామంది దీనికి బదులు పీడీఎఫ్‌ను తమకు తోచిన డీపీఐలో బొమ్మగా మార్చుకుంటారు. అక్కడే, తెలియకుండానే, ఒకసారి పెంచడమో తగ్గించడమో జరిగిపోతుంది.

తెలుగు పుస్తకాల విషయంలో ఈ తనిఖీ మరీ ముఖ్యం. రాజ్ రెడ్డి చొరవతో మొదలైన మిలియన్ బుక్ ప్రాజెక్టు, దాని భారతీయ శాఖ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పెట్టుకున్న ప్రమాణం 600 డీపీఐ, ఒక బిట్ నలుపు తెలుపు. ఇలాంటి పేజీలకు బైనరీ చేయడం అన్న మెట్టు స్కాన్ చేసిన రోజే అయిపోయింది. అప్పుడు పోయిన చుక్క ఇప్పుడు తిరిగి రాదు. ఈ పేజీని ‘పెంచడం’ అనవసరం. చేయాల్సింది అందుకు తలకిందులు, అంటే తగ్గించడం. 600 డీపీఐ నలుపు తెలుపు బొమ్మను 300 డీపీఐ గ్రే బొమ్మగా కుదిస్తే నాలుగు పిక్సెళ్ల సగటు ఒక్క పిక్సెల్ అవుతుంది, రంపపు పళ్లలాంటి అంచులు నున్నబడతాయి. లెప్టోనికా గ్రంథాలయంలో ఈ పనికే ప్రత్యేకమైన ఫంక్షన్లున్నాయి. గ్రే జేపెగ్‌గా వచ్చిన పేజీ అయితే దాని కథ వేరు. మిగతా వ్యాసంలో ఎక్కువగా దాని గురించే.

నలుపు తెలుపు చేసే విద్యలో అందరూ మొదట ఎత్తే పేరు నొబుయుకి ఒత్సు. 1979లో ఆయన ప్రచురించిన పద్ధతి, పేజీలో ఏ వెలుగు విలువ గల పిక్సెళ్లు ఎన్నున్నాయో లెక్కగట్టి, సిరా గుంపునూ కాగితం గుంపునూ అన్నిటికంటే బాగా విడదీసే ఒక్క హద్దును ఎంచుతుంది. కాగితమంతా ఒకే ఛాయలో ఉంటే దీన్ని మించింది అక్కర్లేదు. కానీ ఎనభై ఏళ్ల పుస్తకంలో మూలన నీటి మరక ఉంటుంది, కుట్టు వైపు నీడ ఉంటుంది. హద్దు 140 దగ్గర పడిందనుకుందాం. మరకలో కాగితమే 125 విలువతో ఉంటే ఆ మూలంతా నల్లటి ముద్ద అవుతుంది. హద్దును కిందికి దించితే మరక పోతుంది, దానితోపాటు పేజీ మధ్యలో సిరా సరిగా పడని సన్నగీతలూ పోతాయి.

ఒక్క హద్దు సరిపోదని గ్రహించి ప్రతి పిక్సెల్‌కూ దాని చుట్టుపక్కలను చూసి హద్దు కట్టే పద్ధతులు వచ్చాయి. 1986లో నిబ్లాక్ చెప్పినది పక్క ప్రాంతపు సగటునూ చెదురునూ వాడుకుంది, కానీ ఖాళీ కాగితంలో కూడా లేని సిరాను చూసింది. దాన్ని సరిదిద్దుతూ 2000లో సావోలా, పియెటికాయినెన్ ఇచ్చిన సూత్రమే నేటికీ చాలా పనిముట్లలో ఉంది:

```
T = m * (1 + k * (s/R - 1))
```

m అంటే ఆ పిక్సెల్ చుట్టూ ఉన్న కిటికీలోని సగటు వెలుగు, s ప్రామాణిక విచలనం, R మామూలుగా 128, k మనం ఎంచే అంకె. మన పేజీ మీద దీన్ని నడిపి చూద్దాం. k ను 0.3 అనుకుంటే, మరక మూలలో m 125, s 5 ఉన్నచోట హద్దు 89కి దిగుతుంది. 125 విలువ గల కాగితం తెల్లగా బయటపడుతుంది. మధ్యలో బాగా అచ్చు పడిన వరుసలో m 170, s 50 ఉంటే హద్దు దాదాపు 139. అక్కడ 130 విలువతో ఉన్న సన్నని తలకట్టు నల్లగా నిలుస్తుంది. అదే k ను 0.5 చేస్తే హద్దు 118కి పడిపోతుంది, తలకట్టు మాయమవుతుంది. మూల వ్యాసంలో 0.5 ఉంది కదా అని అలాగే వదిలేస్తే తెలుగు పేజీలు ఎండిపోయినట్టు సన్నబడేది ఇందుకే.

సావోలా లోపం కూడా ఇదే సూత్రంలో ఉంది. సిరా వెలిసిపోయి కాగితానికి దగ్గరైతే s పడిపోతుంది. m 185, s 12 ఉన్నచోట హద్దు 135. అక్కడి సిరా 150 అయితే వరుసకు వరుసే తెల్లబోతుంది. మరకలకు విరుగుడైన పద్ధతి వెలిసిన సిరాకు మాత్రం శత్రువే. ఒకే పుస్తకంలో రెండు జబ్బులూ ఉంటే పేజీని బట్టి k మార్చక తప్పదు. కిటికీ సైజు మరీ చిన్నదైతే లావు అక్షరాల శీర్షికలు లోపల బోలుగా వస్తాయి. ఒకటి రెండు వరుసలు పట్టేంత కిటికీ, అంటే 300 డీపీఐలో డెబ్భై నుంచి వంద పిక్సెళ్లు, వొత్తులతో సహా తెలుగు వరుసకు సరిపోతుంది.

2009లో మొదలై డిబ్కో పేరుతో ఈ విద్యకు అంతర్జాతీయ పోటీలు జరిగాయి. 2017లో గెలిచింది యు-నెట్ అనే నాడీజాల పద్ధతి, ఆ తర్వాత ఈ రంగం చాలావరకు అటే నడిచింది. అయితే ఆ పోటీల్లో మార్కులు పడింది చేత్తో సరిదిద్దిన ఆదర్శ బొమ్మతో పిక్సెల్‌కు పిక్సెల్ పోల్చి. థ చుక్కలోని ఐదు పిక్సెళ్లు పోయినా, ఒక లావు గీత అంచున ఐదు పిక్సెళ్లు పోయినా ఆ లెక్కలో తేడా తక్కువ. చదివేవాడికి మొదటిది అక్షరం మారడం, రెండోది ఏమీ కాదు. అందుకని పోటీ పట్టికలో పైనున్న పద్ధతే మన పుస్తకానికి మంచిదని అనుకోవడానికి ఆధారం లేదు.

ఇంతకూ నలుపు తెలుపు చేయడం ఎవరికోసం? హెచ్‌పీ సంస్థలో 1985–94 మధ్య తయారై, 2005లో అందరికీ తెరిచి ఇచ్చిన టెస్సెరాక్ట్ పాత యంత్రం నల్ల ముక్కల అంచు రేఖలను చూసి అక్షరాన్ని గుర్తుపట్టేది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అతుల్ నేగి, చక్రవర్తి భాగవతి, కృష్ణ 2001లో ప్రకటించిన తెలుగు ఓసీఆర్ కూడా అంటుకుని ఉన్న నల్ల ముక్కలనే గుర్తింపుకు ప్రమాణంగా తీసుకుంది. నలుపు తెలుపు లేకపోతే అలాంటి యంత్రాలకు ముక్కే లేదు, అక్షరమూ లేదు. మనకు అందే సలహా అక్కడ పుట్టింది.

2018లో వచ్చిన టెస్సెరాక్ట్ 4 నుంచి గుర్తింపు పని వరుసలను మొత్తంగా చదివే ఎల్‌ఎస్‌టీఎం నాడీజాలానిది. టెస్సెరాక్ట్ పేజీలో వరుసలెక్కడున్నాయో వెతకడానికి తనంతట తాను నలుపు తెలుపు ప్రతి చేసుకుంటుంది. వరుస దొరికాక అక్షరాలను చదవడానికి మాత్రం మనమిచ్చిన అసలు బొమ్మ నుంచే, గ్రే ఉంటే గ్రేతోనే, ఆ వరుసను కత్తిరించుకుంటుంది. దాన్ని మోడల్‌ను బట్టి 36 లేదా 48 పిక్సెళ్ల ఎత్తుకు కుదించి చూస్తుంది. ఈ ఒక్క వివరంతో మూడు మెట్ల లెక్కా మారిపోతుంది.

తెలుగు వరుస ఎత్తులో గుడులూ తలకట్లూ పైన, వొత్తులు కింద చేరతాయి కాబట్టి 300 డీపీఐలో వరుస దాదాపు 60 పిక్సెళ్లకు వస్తుంది. దాన్ని 36కు కుదిస్తే థ చుక్క రెండు మూడు పిక్సెళ్ల బూడిద మచ్చగా మిగులుతుంది. ముందే మనం కఠినమైన హద్దు పెట్టి ఆ చుక్కను చెరిపేస్తే యంత్రానికి ఆ మచ్చ కూడా దక్కదు. గ్రే పేజీని బైనరీ చేసి ఇవ్వడమంటే, ఛాయలు చదవగల యంత్రానికి ఛాయలు లేకుండా చేసి ఇవ్వడమే. నా అభిప్రాయంలో ఎల్‌ఎస్‌టీఎం యంత్రానికి మనం చేయదగ్గది నేపథ్యాన్ని సమం చేయడం, అంతవరకే. ప్రతి పిక్సెల్‌ను దాని చుట్టూ ఉన్న కాగితపు వెలుగుతో భాగించి 255తో గుణిస్తే చాలు. మరకలో 125 కాగితం మీద 60 సిరా 122 అవుతుంది, శుభ్రమైన చోట 215 కాగితం మీద 80 సిరా 95 అవుతుంది. రెండు చోట్లా కాగితం 255కు చేరుతుంది. మరక పోయింది, ఛాయలు మిగిలాయి. ఆ తర్వాత టెస్సెరాక్ట్ లోపల మామూలుగా వాడే ఒత్సు హద్దు కూడా వరుసలను సరిగానే వెతుకుతుంది.

మరకలు మొండివై అప్పటికీ వరుసలు దొరక్కపోతే టెస్సెరాక్ట్ 5లో లోపలి హద్దునే సావోలాకు మార్చవచ్చు. అప్పుడు వరుసల వెతుకులాట సావోలాతో, చదవడం గ్రేతో జరుగుతాయి. ఇది బయట బైనరీ చేసి ఇవ్వడం కంటే మేలు.

వంకర తీయడం దగ్గర నాకు ఇంత అనుమానం లేదు, తెలుగుకు అది కావాలి. ఇంగ్లీషు పేజీల మీద టెస్సెరాక్ట్ వరుసల వెతుకులాటను తిప్పనవసరం లేకుండానే కొంత వాలు తట్టుకునేలా రూపొందించారు, తిప్పితే బొమ్మ నాణ్యత తగ్గుతుందని. అక్కడ వరుసకూ వరుసకూ మధ్య తెల్లటి దారి ఉంటుంది. తెలుగులో ఆ దారిలో వొత్తులు వేలాడుతుంటాయి. లెక్క చూడండి. నాలుగంగుళాల వెడల్పున్న అచ్చు 300 డీపీఐలో 1200 పిక్సెళ్లు. 1.2 డిగ్రీల వాలంటే ఎడమ కొసకూ కుడి కొసకూ 25 పిక్సెళ్ల తేడా. వరుసల మధ్య దూరం 75 పిక్సెళ్లు అనుకుంటే, ఒక చివరి వొత్తులూ పక్క వరుస మరో చివరి గుడులూ ఒకే ఎత్తులోకి వచ్చేస్తాయి. పైగా 60 పిక్సెళ్ల వరుసను కత్తిరించే పెట్టె 85 పిక్సెళ్లదవుతుంది. దాన్ని 36కు కుదించినప్పుడు అక్షరాలు మామూలుకంటే దాదాపు మూడోవంతు చిన్నవవుతాయి, పెట్టె మూలల్లోకి పక్క వరుస ముక్కలు కూడా దూరతాయి.

వాలును కొలిచే పద్ధతుల్లో పాతదీ గట్టిదీ, పేజీని కొద్దికొద్దిగా తిప్పుతూ ప్రతి అడ్డవరుసలో ఎన్ని నల్ల పిక్సెళ్లున్నాయో లెక్కపెట్టడం. వరుసలు సమంగా కూర్చున్న కోణంలో ఈ లెక్క ఎత్తుపల్లాలు పదునుగా ఉంటాయి. లెప్టోనికా పక్కపక్క వరుసల తేడాల వర్గాల మొత్తాన్ని చూసి, మొదట అటూ ఇటూ ఏడు డిగ్రీల మేర వెతికి, తర్వాత సన్నగా వెతుకుతుంది. హిందీ పేజీలో పైన అడ్డగీత ఉంటుంది కాబట్టి శిఖరం స్పష్టంగా కనిపిస్తుంది. తెలుగులో అలాంటి గీత లేదు, అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, అందువల్ల శిఖరం మొద్దుబారుతుంది. అయినా అక్షరాల అడుగు అంచు దాదాపు ఒకే వరుసలో ఉండటం వల్ల పది పదిహేను వరుసల పేజీలో కోణం సరిగానే దొరుకుతుంది. దెబ్బతినేది అధ్యాయం చివర రెండు మూడు వరుసలే ఉన్న పేజీల్లోనూ, పొట్టి పాదాల పద్యాల పేజీల్లోనూ, నల్లటి స్కానర్ అంచు మిగిలిన పేజీల్లోనూ. ఆ నల్ల అంచునే వరుస అనుకుని పేజీని దాని ప్రకారం తిప్పేస్తుంది. కాబట్టి అంచులు ముందే కత్తిరించాలి. పుస్తకంలోని అన్ని పేజీల కోణాలనూ ఒక జాబితాగా రాయించుకుంటే, మిగతావి ఒక డిగ్రీ లోపల ఉండగా 5 డిగ్రీలు చెప్పిన పేజీ వెంటనే కనబడుతుంది.

కుట్టు దగ్గర కాగితం వంగి వరుసలు విల్లులా ఒంపు తిరిగితే ఏ కోణమూ పనిచేయదు. అది వాలు కాదు, ఒంపు. దానికి స్కాన్‌టైలర్ వంటి పనిముట్లలో ఒంపు తీసే సదుపాయం వేరే ఉంది, కొంత చేతిపని తప్పదు.

ఇక పెంచడం. బైక్యూబిక్, లాంక్జోస్ వంటి పద్ధతులు ఉన్న పిక్సెళ్ల మధ్య కొత్త పిక్సెళ్లను లెక్కగట్టి నింపుతాయే తప్ప కొత్త సమాచారం తేవు. పీడీఎఫ్‌లో డీపీఐ అంకె మాత్రం మార్చితే అదీ జరగదు. చదివే నాడీజాలం ఎలాగూ వరుసను 36కో 48కో కుదిస్తుంది కాబట్టి 300 డీపీఐ దాటి పెంచితే గుర్తింపులో లాభం ఉండదు. 150 డీపీఐ పేజీని రెండింతలు చేస్తే లాభం కనిపించేది వేరే కారణాలకు. అంచుల్లోని గ్రే ఛాయలో గీత అసలు ఎక్కడ ఆగిందో పిక్సెల్‌కంటే సన్నగా రాసి ఉంటుంది. పెంచాక హద్దు పెడితే ఆ సమాచారం నున్నని అంచుగా మారుతుంది, విడివిడిగా ఉండాల్సిన వొత్తు పై అక్షరానికి అంటుకోదు. పేజీ నిర్మాణాన్ని వెతికే భాగం కూడా 300 డీపీఐ దగ్గరే బాగా పనిచేస్తుంది. అందుకే పెంచేది గ్రేలో ఉండగానే. నలుపు తెలుపు అయ్యాక పెంచితే రంపపు పళ్లు రెండింతలవుతాయి, అంతే.

బాగా కుదించిన జేపెగ్ పేజీలో 8×8 గడుల అంచులూ, అక్షరాల చుట్టూ దుమ్ములాంటి మచ్చలూ ఉంటాయి. పెంచితే అవీ పెరుగుతాయి. అలాంటప్పుడు వేరేచోట అదే పుస్తకపు మెరుగైన స్కాన్ కోసం వెతకడమే తక్కువ శ్రమ.

2014లో ఎస్ఆర్‌సీఎన్ఎన్‌తో మొదలై నాడీజాలాలతో బొమ్మను పెంచే మార్గం ఒకటి వచ్చింది. ఇవి చూసి నేర్చుకున్న బొమ్మల ఆధారంగా, లేని వివరాన్ని ఊహించి గీస్తాయి. చెట్ల ఫొటోకు అది అందం. రెండు పిక్సెళ్ల మసకలో థ ఉందో ధ ఉందో తెలియనప్పుడు, తెలుగు అచ్చు ఎన్నడూ చూడని మోడల్ ఏదో ఒకటి పదునుగా గీసి ఇస్తే, ఆ తప్పును ఓసీఆర్ కూడా పట్టుకోలేదు, చూసే మనిషి కూడా పట్టుకోలేడు. 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీజెల్ కొన్ని జెరాక్స్ యంత్రాల స్కాన్లలో 6 అంకెలు 8గా మారుతున్నాయని బయటపెట్టాడు. అక్కడ కారణం నాడీజాలం కాదు, పోలికగల ముక్కలను ఒకదానికి బదులు ఒకటి వాడే కుదింపు పద్ధతి. జబ్బు మాత్రం ఇదే: మసకగా తప్పుంటే తెలుస్తుంది, స్పష్టంగా తప్పుంటే తెలియదు. మూల ప్రతి పక్కన లేకుండా ఇలాంటి పెంపకాన్ని పుస్తకాల మీద వాడకూడదంటాను.

ఇప్పుడు ఒక పేజీని మొదటినుంచి చివరిదాకా చూద్దాం. 150 డీపీఐ గ్రే జేపెగ్, కుడి కొస 1.2 డిగ్రీలు కిందికి వాలింది, మూలన మరక ఉంది. పెంచడం ఒకసారి, తిప్పడం మరోసారి చేస్తే పిక్సెళ్లు రెండుసార్లు మసకబారతాయి. రెంటినీ ఒకే లెక్కలో చేయించాలి. ఇమేజ్‌మ్యాజిక్‌లో ఇలా, మొదటి ఆజ్ఞ పెంచి తిప్పుతుంది, రెండోది నేపథ్యాన్ని సమం చేస్తుంది, మూడోది చదివిస్తుంది:

```
magick page.jpg -colorspace Gray -virtual-pixel white \
  +distort SRT "2,-1.2" +repage p1.png
magick p1.png \( +clone -blur 0x40 \) \
  -compose Divide_Src -composite p2.png
tesseract p2.png out -l tel --dpi 300 --psm 6 \
  -c thresholding_method=2 -c tessedit_write_images=true
```

చివరి ఆజ్ఞలోని `tessedit_write_images` చాలామంది వాడని మంచి పనిముట్టు. టెస్సెరాక్ట్ లోపల తయారు చేసుకున్న నలుపు తెలుపు బొమ్మను ఫైలుగా రాసి పెడుతుంది. వరుసలు గల్లంతైతే ముందు చూడాల్సింది ఆ బొమ్మే. అందులో మరక నల్లబడి ఉంటే తప్పు హద్దుది. వరుసలు శుభ్రంగా ఉండి అక్షరాలు తప్పితే తప్పు అక్కడ కాదు. `--psm 6` పేజీలో ఒకే దిమ్మ అచ్చు ఉందని చెబుతుంది. రెండు నిలువు వరుసల పత్రికా పేజీకి అది పనికిరాదు.

చిన్న మచ్చలు తుడిచే మెట్టును ఇందులో కావాలనే పెట్టలేదు. ఐదు పిక్సెళ్లలోపు వెడల్పున్న ముక్కలన్నీ తుడిచెయ్యి అన్న సెట్టింగ్, థ, ఠ చుక్కలను మచ్చలతోపాటే తీసుకుపోతుంది.

ఫలితం బాగుందో లేదో బొమ్మను చూసి చెప్పలేం. కంటికి చక్కగా కనిపించే నలుపు తెలుపు పేజీని ఓసీఆర్ బాగా చదవాలని లేదు. పుస్తకంలో వేర్వేరు జబ్బులున్న కొన్ని పేజీలను చేత్తో టైపు చేసుకుని, వాటితో పోల్చి తప్పుల శాతం లెక్కగట్టాలి. శాతం కంటే ఎక్కువ చెప్పేది ఏ అక్షరం దేనిగా మారిందన్న జాబితా. బైనరీ చేసి ఇచ్చిన పేజీలో ఠ లు ర లుగా, థ లు ధ లుగా వస్తుంటే హద్దు మరీ కఠినంగా ఉంది, లేదా మచ్చల తుడుపు ఎక్కడో నడుస్తోంది. సున్నాలు నల్లగా పూడి చుక్కలుగా వస్తుంటే హద్దు మరీ మెత్తగా ఉంది, అప్పుడు k పెంచాలి. వొత్తులు ఊడి వేరే వరుసలో తేలుతుంటే వాలు మిగిలింది. పేజీ ఎడమ సగం బాగుండి కుడి సగం పాడైతే ఒంపు.

ఒక తప్పు మాత్రం పాత పుస్తకాల్లో విడిగా వెతకాలి. సన్నబడిన సున్నా ఒకవైపు తెగితే అరసున్నాలా కనిపిస్తుంది. నేటి పుస్తకంలో అరసున్నా వస్తే తప్పని వెంటనే తెలుస్తుంది. 1920ల నాటి గ్రాంథిక వచనంలో అరసున్నాలు నిజంగానే బోలెడుంటాయి కాబట్టి, అసలు అరసున్నా ఏదో, తెగిన సున్నా ఏదో నిఘంటువుతో పోల్చినా పూర్తిగా తేలదు. గ్రే పేజీని రెండు k విలువలతో బైనరీ చేసి రెండుసార్లు చదివించి, అరసున్నాల లెక్క రెంటిలోనూ పోల్చాలి. k తగ్గగానే ఆ లెక్క గణనీయంగా పడిపోతే, మాయమైనవి సున్నాలే. అదే పరీక్షను 600 డీపీఐ నలుపు తెలుపు స్కాన్ మీద చేయలేం. అక్కడ సున్నా స్కానర్‌లోనే తెగింది, అతకడానికి గ్రే మిగల్లేదు. అలాంటి పేజీలకు పుస్తకం ఉన్న గ్రంథాలయానికి వెళ్లి గ్రేలో మళ్లీ స్కాన్ చేయించడం తప్ప దారి లేదు.